ఉయ్యాల పాటకు మూడు వాద్యాలు

ఎంగిలిపూల బతుకమ్మకు ఇంకా పది రోజులుందనగా, రాయపోల్‌లో ఒక ఇంటి అరుగు మీద మేం ముగ్గురం వాద్యాలు సర్దుకుని కూర్చున్నాం. నా ముందు హార్మోనియం పెట్టె. పక్కన తబలా వాయించే తమ్ముడు. గోడకు ఆనుకుని, గిటార్ పట్టుకున్న ఇంటర్ పిల్లవాడు. ఎదురుగా పాట ఎత్తే పెద్దమ్మ, ఆమె వెనుక అందుకునే నలుగురు ఆడవాళ్లు. చిన్నప్పటి నుంచి వాళ్లు చెరువు దగ్గర పాడుతున్న ఉయ్యాల పాటనే వాద్యాలతో రికార్డు చేద్దామనుకున్నాం. మూడు చరణాలు పోయాయో లేదో, పెద్దమ్మ చెయ్యి ఎత్తింది.

"ఆపుండ్రి బిడ్డా. గింత లొల్లిల నా పాట నాకే ఇనవడ్తలేదు."

మేం శృతి తప్పలేదు, తాళమూ తప్పలేదు. రికార్డు వింటే ముగ్గురివీ విడివిడిగా బాగానే ఉన్నాయి. కలిపి వింటే మాత్రం గొంతు ఎక్కడో గోడ అవతల ఉన్నట్టుంది. ఈ అధ్యాయం ఆ రికార్డు గురించీ, తర్వాత నాలుగు సాయంత్రాల్లో మేం ఒక్కొక్కటిగా తీసేసిన వాటి గురించీ. జానపద బాణీకి వాద్యాలు కూర్చేటప్పుడు ముందు చూడాల్సింది ఆ పాటలో ఖాళీ ఎక్కడుందో. ఏ వాద్యం ఏం వాయించాలన్నది ఆ తర్వాతి మాట.

ముందు వాద్యాలు లేకుండా పాట వినండి

రెండో రోజు పెట్టె తెరవలేదు. పెద్దమ్మను ఆమెకు హాయిగా ఉన్న చోట ఎత్తుకోమని చెప్పి, చప్పట్లతో సహా ఫోన్‌లో రికార్డు చేశాం. ఈ వరుస ముఖ్యం. హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కి "ఇందులో పాడమ్మా" అంటే పెద్దవాళ్లు మొహమాటపడి అందులోనే పాడతారు, నాలుగో చరణానికి గొంతు పట్టేస్తుంది. ఆమె తనంతట తాను ఎత్తుకున్న షడ్జం వెతికితే అది జీ మెట్టు దగ్గర ఉంది. మన లెక్కలో ఐదు శృతి. మొదటి రోజు నేను ఆరున్నరలో వాయించాను. అంటే ఆమెను మూడు మెట్లు పైకి లాగాను. లొల్లిలో కొంత భాగం అదే. తనకు అలవాటు లేని ఎత్తులో పాడే గొంతు గట్టిగా అరవాల్సి వస్తుంది, వాద్యాలూ దానితో పోటీగా పెరుగుతాయి.

తర్వాత చప్పట్ల మధ్య లెక్క పెట్టాం. ఒక చప్పట్టు నుంచి ఇంకో చప్పట్టుకు మూడు చిన్న అడుగులు. బతుకమ్మ పాటలన్నీ ఇలాగే ఉండవు, నాలుగు లెక్కలో నడిచేవీ ఉన్నాయి. అందుకే పుస్తకం చూసి తాళం పెట్టకూడదు. వంగి, లేచి, అడుగు మార్చే వాళ్ల చేతుల్నే చూడాలి. ఈ పాటలో నిమిషానికి సుమారు అరవై చప్పట్లు పడ్డాయి. పెద్దమ్మ చరణం ఎత్తడానికి నాలుగు చప్పట్లు, అంటే పన్నెండు మాత్రలు పట్టాయి. ఆ వెంటనే మిగతావాళ్లు అదే చరణాన్ని ఇంకో పన్నెండు మాత్రల్లో తిరిగి పాడారు.

పన్నెండులో ఏం జరుగుతుందో కాగితం మీద గీసుకున్నాం. చరణంలోని మాటలు ఒకటి నుంచి ఏడో మాత్ర దాకా. ఎనిమిదిలో 'ఉ', తొమ్మిదిలో 'య్యా', పదిలో 'లో'. ఆ 'లో' సరిగ్గా నాలుగో చప్పట్టు మీద వాలుతుంది. పదకొండుకు గొంతు సన్నగిల్లుతుంది. పన్నెండులో ఊపిరి. చరణం మొత్తానికి ఖాళీ అన్నది ఆ చివరి రెండు మాత్రలే. మొదటి రోజు ఆ రెండు మాత్రల్లో నేను ఒక చిన్న స్వరాల ముక్క వేశాను, తబలా తమ్ముడు తిహాయి లాంటిదొకటి వేశాడు, గిటార్ పిల్లవాడు ఆరు తీగలూ గట్టిగా మీటాడు. సెకను కూడా నిండని చోట ముగ్గురం దూరాం. పాట ఊపిరి తీసుకునే చోటు అది. దాన్ని నింపేస్తే వినేవాడికి కూడా ఊపిరాడదు.

మూడోది, బాణీలోని స్వరాలు. ఈ పాట కింది నిషాదం నుంచి పంచమం దాకానే తిరుగుతుంది. జీ షడ్జమైతే ఎఫ్, జీ, ఏ, సీ, డీ, వీటికి తోడు గాంధారం. ఆ గాంధారం దగ్గరే అసలు చిక్కుంది. పెద్దమ్మ మధ్యమం నుంచి జారుతూ రిషభానికి దిగుతుంది. దారిలో గాంధారాన్ని తాకుతుంది గానీ అక్కడ నిలవదు. అది సాధారణ గాంధారమా, అంతర గాంధారమా అని మూడుసార్లు విన్నాం. రెండూ కాదు, వాటి మధ్య ఎక్కడో ఉంది.

పెట్టె ఎక్కడ పలకాలి, ఎక్కడ మౌనంగా ఉండాలి

హార్మోనియంలో ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ మధ్య ఏమీ లేదు. గొంతు జారినట్టు అది జారలేదు. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించి, 1971 దాకా పక్కన పెట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. నిషేధం తగినదా కాదా అన్నది వేరే చర్చ. పెట్టె మా ఊళ్ల భజన మందిరాల్లో, పద్య నాటకాల్లో తన చోటు తాను సంపాదించుకుంది. కానీ అప్పటి ఆ ఆక్షేపణలో ఒక పని సూచన ఉంది. గొంతు జారే చోట పెట్టె పలికితే రెండు వేర్వేరు గాంధారాలు ఒకేసారి వినిపిస్తాయి. గొంతుది మెత్తగా, పెట్టెది కచ్చితంగా. చెవి పెట్టెనే నమ్ముతుంది, పెద్దమ్మ అపశృతిలో పాడుతున్నట్టు అనిపిస్తుంది. ఇది గొంతుకు జరిగే అన్యాయం. వినేవాళ్లు పాటను తప్పు పడతారు, తప్పు పెట్టెది.

కాబట్టి నేను రెండు పనులు చేశాను. పెద్దమ్మ చరణం ఎత్తే పన్నెండు మాత్రల్లో షడ్జం ఒక్కటే, ఒకే మెట్టు, తిత్తి నెమ్మదిగా వేస్తూ పట్టుకున్నాను. బాణీ వాయించలేదు. భజనలో అయితే పెట్టె ముందుండి పాటను నడిపిస్తుంది, కొత్తవాళ్లకు అది చేతికర్ర. ఇక్కడ పెద్దమ్మకు బాణీ గుర్తు చేసేవాళ్లెవరూ అక్కర్లేదు. నలుగురూ అందుకున్నప్పుడు మాత్రం బాణీ వాయించాను, అదీ ఎముకలు మాత్రమే. స, రి, మ, ప, కింది ని. గాంధారం మెట్టు ముట్టలేదు. మధ్యమం నుంచి చేయి ఎత్తేసి, వాళ్లు రిషభానికి చేరాక రిషభం నొక్కాను. ఆ జారుడు గొంతులకే వదిలేశాను. ఆ ఒక్క మెట్టు మానేయడం వల్ల వచ్చిన తేడా, మిగతా మార్పులన్నీ కలిపినా రాలేదు.

పెట్టెలో ఇంకో సంగతి. ఎక్కువ పెట్టెల్లో రెండు మూడు వరుసల రీడ్లుంటాయి. కింది స్థాయి వరుస కూడా తెరిస్తే శబ్దం గంభీరంగా, నిండుగా ఉంటుంది, ఒంటరిగా వాయించేటప్పుడు బాగుంటుంది. తబలా, గిటార్ ఉన్నప్పుడు అదే బురద. మధ్య వరుస ఒక్కటే తెరవండి. కప్లర్ ఉంటే మూసేయండి, అది మీరు నొక్కిన ప్రతి మెట్టుకూ ఇంకో స్థాయిలో జోడీ పలికిస్తుంది. ముందు వైపు శృతి కోసం లాగే గుబ్బలు కూడా వద్దు. చాలా పెట్టెల్లో అవి కొన్ని నల్ల మెట్ల స్వరాలకే ఉంటాయి, ఐదు శృతికి అవి కుదరవు.

తిత్తి విషయంలో నా సొంత అలవాటు ఒకటి మానుకోవాల్సి వచ్చింది. ఉత్సాహం వచ్చినప్పుడు చేయి బలంగా పడుతుంది, శబ్దం పెరుగుతుంది. తబలా కొట్టిన దెబ్బ వెంటనే పోతుంది, గిటార్ తీగ మీటగానే సన్నగిల్లడం మొదలవుతుంది. పెట్టె శబ్దం మాత్రం మెట్టు నొక్కి ఉంచినంత సేపూ తగ్గకుండా నిలబడుతుంది. గొంతును కప్పేసే శక్తి ముగ్గురిలో దానికే ఎక్కువ. అందుకే అందరికంటే తక్కువ పలకాల్సింది కూడా అదే.

తబలాకు సగం పని చప్పట్లే చేస్తాయి

మూడు లెక్కన నడిచే పాట కనుక తబలా తమ్ముడు దాద్రా ఎత్తుకున్నాడు. ధా ధిన్ నా, ధా తిన్ నా. ఆరు మాత్రలకు ఆరు దెబ్బలు. చరణం పన్నెండు మాత్రలు కాబట్టి రెండు ఆవర్తాలు. లెక్క తప్పేమీ లేదు. కానీ ఆడవాళ్ల చప్పట్లు ఒకటో మాత్ర మీదా నాలుగో మాత్ర మీదా పడుతున్నాయి. దాద్రాలో ధా పడేదీ అక్కడే. చప్పట్టు మీద ధా పడగానే చప్పట్టు మాయమైంది. రికార్డులో చప్పట్లే వినిపించలేదు. బతుకమ్మ పాటలో చప్పట్టు వినిపించకపోతే ఇక మిగిలేది ఏదో ఒక పాట.

అందుకని పెద్దమ్మ పాడే భాగంలో ఠేకాను పలచన చేశాం. ఒకటో మాత్రకు ధా, మూడుకు నా, ఆరుకు నా. నాలుగో మాత్ర పూర్తిగా చప్పట్లకు వదిలేశాడు. ఇలా వాయించడం కష్టం. చేతికి అలవాటైన దెబ్బను ఆపి పట్టుకోవాలి. మొదట్లో తమ్ముడి చేయి నాలుగో మాత్రకు దానంతట అదే లేచేది. ఆ మాత్ర మీద ఎడమ చేయి తొడ మీద పెట్టుకో అని చెప్పాను, రెండు సాయంత్రాల్లో కుదిరింది. నలుగురూ అందుకున్నప్పుడు ఠేకా నిండుగా ఆరు దెబ్బలూ వాయించాడు. నాలుగు గొంతులు కలిసినప్పుడు ఆ బరువు కావాలి. అప్పుడు ఎత్తుగడకూ అందుకోవడానికీ మధ్య తేడా ఎవరూ చెప్పకుండానే తెలిసింది. మొత్తం పాటలో ఎక్కడా చరణం చివరి రెండు మాత్రల్లో తబలా లేదు.

శృతి సంగతి. ఐదు శృతిలో షడ్జానికి కుడి తబలా కలపాలంటే చిన్న ముఖం ఉన్నది కావాలి. తమ్ముడి దగ్గరున్నది అయిదున్నర అంగుళాలది. దాన్ని జీ దాకా బిగిస్తే పుడి పగులుతుంది, దించితే వదులై నాదం చచ్చిపోతుంది. అది సుఖంగా పలికేది సీ నుంచి డీ చుట్టుపక్కల. జీ షడ్జమైతే డీ పంచమం. కనుక తబలాను పంచమానికి కలిపాం. ఇది పెద్దలు ఎప్పటి నుంచో చేస్తున్నదే. బాణీలో పంచమం లేకపోతే మధ్యమానికి కలుపుకోవచ్చు, కానీ బాణీలో లేని స్వరానికి మాత్రం కలపకండి. ప్రతి 'నా' దెబ్బకూ ఆ పరాయి స్వరం వినిపిస్తూనే ఉంటుంది. బతుకమ్మ రోజుల్లో సాయంత్రం తేమకు తోలు దిగుతుంది. అరగంటకోసారి సుత్తితో అంచు మీద సరిచూసుకోవాల్సిందే.

డగ్గా గురించి చెప్పాలంటే గిటార్ సంగతి కూడా కలిపి చెప్పాలి.

గిటార్: ఆరు తీగల్లో నాలుగే

పిల్లవాడు సినిమా పాటలకు వాయించినట్టే జీ, సీ, డీ కార్డులు పెట్టి ఆరు తీగలూ కిందికీ పైకీ మీటాడు. అతన్ని తప్పు పట్టలేం, గిటార్ నేర్పేవాళ్లు మొదట నేర్పేది అదే. కానీ ఆ మూడు కార్డుల్లో ఏమున్నాయో ఒకసారి విప్పి చూద్దాం. జీ మేజర్ కార్డులో బీ స్వరం ఉంది. అది అంతర గాంధారం, పెద్దమ్మ పాడనిది. సీ మేజర్ కార్డులో ఈ ఉంది. అది ధైవతం, ఈ పాటలో లేనే లేదు. డీ మేజర్ కార్డులో ఎఫ్ షార్ప్ ఉంది. పాటలో ఉన్నది మామూలు ఎఫ్. రెండూ పక్క పక్క స్వరాలు, కలిసి మోగితే గరగరలాడతాయి. అంటే మూడు కార్డుల్లోనూ మధ్య స్వరమే పాటకు అడ్డు తగులుతోంది. జానపద బాణీకి గిటార్ కలపగానే అది సినిమా పాటలా మారిపోయిందని చాలామంది అంటుంటారు. గిటార్ అనే వాద్యం వల్ల అలా కావడం లేదు, కార్డులోని ఈ మధ్య స్వరం వల్ల అవుతోంది.

కాబట్టి మధ్య స్వరం తీసేశాం. లావు తీగలు రెండూ, అంటే ఆరూ అయిదూ ముట్టుకోకుండా, నాలుగో తీగ ఖాళీగా, మూడో తీగ ఖాళీగా, రెండో తీగ మూడో ఫ్రెట్‌లో, ఒకటో తీగ మూడో ఫ్రెట్‌లో. పలికేవి డీ, జీ, డీ, జీ. మన భాషలో ప స ప స. తంబూరా చేసే పనే ఇది. దీని మీద సాధారణ గాంధారం పాడినా, అంతర గాంధారం పాడినా, పెద్దమ్మలా రెండింటి మధ్య పాడినా అడ్డు ఉండదు. పాటలో ఏడో మాత్ర మీద స్వరం కింది నిషాదానికి దిగుతుంది. అక్కడికి ఇంకో పట్టు. నాలుగో తీగ మూడో ఫ్రెట్, మూడో తీగ అయిదో ఫ్రెట్, రెండో తీగ ఆరో ఫ్రెట్. ని మ ని. పాట మొత్తానికి ఈ రెండు పట్లే. పిల్లవాడు "గింతేనా అన్నా?" అన్నాడు. అంతే.

లావు తీగలు ఎందుకు వద్దన్నామంటే, డగ్గా గుమ్మనే చోటూ ఆ తీగలు మోగే చోటూ ఒకటే. రెండూ కలిస్తే కింద ఒక మందపాటి గుడగుడ తయారవుతుంది. దాన్ని కనిపెట్టడం తేలిక. పాట నడుస్తుండగా గిటార్‌ను ఒక్క చరణం ఆపమనండి. ఆగగానే డగ్గా 'గే' దెబ్బ తేటగా వినిపిస్తే, అప్పటిదాకా గిటార్ దాన్ని మింగుతోందన్నమాట. మా దగ్గర అలాగే జరిగింది. కింది చోటు డగ్గాకే ఇచ్చేశాం.

మీటడం కూడా తగ్గించాం. పెద్దమ్మ ఎత్తేటప్పుడు పన్నెండు మాత్రలకు ఒక్కసారే, ఒకటో మాత్ర మీద, వేళ్లతో నాలుగు తీగలూ సున్నితంగా. మూడు సెకన్లలో అది దానంతట అదే సన్నగిల్లుతుంది. సరిగ్గా 'లో' దగ్గరకు వచ్చేసరికి దాదాపు ఏమీ ఉండదు. అందుకునేవాళ్ల భాగంలో ప్రతి చప్పట్టుకూ ఒకసారి, ఏడో మాత్రకు రెండో పట్టు, పదో మాత్రకు మళ్లీ మొదటిది.

శృతి చేసే వరుసలో ఒక జాగ్రత్త ఉంది. పెట్టెను అక్కడికక్కడ మార్చలేం. కాబట్టి తబలా, గిటార్ రెండూ పెట్టెకే కలపాలి. ఫోన్‌లోని ట్యూనర్ చూసి గిటార్ శృతి చేస్తే, పాత పెట్టె దానికంటే కొంచెం ఎక్కువో తక్కువో ఉండవచ్చు. ఆ కొంచెమే పాట పొడుగునా వణుకులా వినిపిస్తుంది. పెట్టె మీద డీ మెట్టు నొక్కి నాలుగో తీగ, జీ మెట్టు నొక్కి మూడో తీగ, తర్వాత మిగతావి కలుపుకోండి.

రెండు మాత్రల ఖాళీని ఎవరికివ్వాలి

ఇప్పుడు ఆ ఖాళీ దగ్గరకు మళ్లీ వద్దాం. ప్రతి చరణంలో అది రెండుసార్లు వస్తుంది. పెద్దమ్మ 'ఉయ్యాలో' తర్వాత ఒకసారి, నలుగురి 'ఉయ్యాలో' తర్వాత ఒకసారి. మొదటిదాన్ని ఖాళీగానే వదిలేశాం. అక్కడ వెనుక నలుగురూ ఊపిరి పీల్చుకునే చిన్న చప్పుడు వినిపిస్తుంది. మా రికార్డులో నాకు అన్నిటికంటే ఇష్టమైన శబ్దం అదే. రెండో ఖాళీలో రెండే స్వరాలు, పదకొండులో రి, పన్నెండులో కింది ని, వెంటనే తర్వాతి చరణం షడ్జంతో మొదలవుతుంది. బేసి చరణాల్లో ఆ రెండు స్వరాలూ పెట్టె వాయిస్తుంది, సరి చరణాల్లో గిటార్. ఒకరు వాయిస్తే మిగతా ఇద్దరూ చేతులు ఆపాలి.

ఈ పద్ధతి మాకు కొత్తగా తట్టిందేమీ కాదు. మా జిల్లాలోనే కొమురవెల్లి మల్లన్న జాతరలో ఒగ్గు కథ విన్నవాళ్లకు ఇది తెలుసు. కథకుడు కథ విప్పేటప్పుడు డోలు అణిగి ఉంటుంది, అతను ఆగిన చోట విజృంభిస్తుంది. ఆ డోలు శబ్దానికి గుండె అదురుతుంది, అయినా మాట ఒక్కటి కూడా చెవి దాటి పోదు. వాళ్ల దగ్గర మైకు లేని రోజుల్లో కూడా అంతే.

పాట పొడుగునా కూడా ఇదే లెక్క పాటించాం. చరణానికి ఎనిమిది సెకన్లు, పదహారు చరణాలు, రెండు నిమిషాల పైచిలుకు. మొదటి చరణంలో వాద్యాలేవీ లేవు, గొంతులూ చప్పట్లూ మాత్రమే. రెండో చరణం నుంచి పెట్టె షడ్జం. మూడు నుంచి తబలా. గిటార్ అయిదో చరణానికి గానీ రాదు. పదకొండు, పన్నెండు చరణాల్లో మళ్లీ వాద్యాలన్నీ ఆపేసి గొంతులూ చప్పట్లే ఉంచాం. పదమూడులో మూడూ కలిసి వచ్చినప్పుడు, శబ్దం అంతకుముందు ఎంత ఉందో అంతే ఉన్నా, రెట్టింపైనట్టు అనిపిస్తుంది.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. వాద్యాలు లేకుండా మొదలుపెడితే గొంతు శృతి కొంచెం పైకో కిందికో జరుగుతుంది, రెండో చరణంలో పెట్టె కలిసేసరికి తేడా బయటపడుతుంది. మాకు రెండుసార్లు అలా జరిగింది. పాట ఎత్తడానికి ముందు షడ్జం మెట్టు ఒక్కసారి, మైకు దూరంగా ఉంచి, చిన్నగా వినిపించాం. వాద్యాలు ఆగిన పన్నెండో చరణం చివరి ఖాళీలో ఇంకోసారి. అది సరిపోయింది.

సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడం

వాయించేవాడి చెవి ఈ విషయంలో నమ్మదగినది కాదు. తన వాద్యం తనకు దగ్గరగా ఉంటుంది, పాట తనకు ముందే తెలుసు కనుక వినిపించని మాట కూడా విన్నట్టే అనిపిస్తుంది. మేం ఫోన్‌ను పది అడుగుల దూరంలో, వినేవాళ్లు కూర్చునే చోట పెట్టాం. ఆ రికార్డును పాట ఎప్పుడూ వినని ఒక మనిషికి వినిపించి, చరణం మాటలు చెప్పమన్నాం. మొదటి రోజు రికార్డు విని ఆయన పట్టుకోగలిగింది 'ఉయ్యాలో' ఒక్కటే. నాలుగో రోజు దానిలో చరణాలు వరుసగా చెప్పాడు. ఒక్క మాట దగ్గర తడబడ్డాడు, అక్కడ వెతికితే నేను గాంధారం మీద చేయి వేసిన చోటు అది. పాత అలవాటు ఎక్కడో దాగి ఉంది.

ఇంకో పరీక్ష, ఒక్కో వాద్యాన్ని ఒక్కో చరణం ఆపి చూడటం. ఆపినప్పుడు ఏమీ పోయినట్టు అనిపించకపోతే ఆ చోట అది అక్కర్లేదని అర్థం. ఇలా చూసే పెట్టె బాణీని అందుకునే భాగంలోనూ రెండు చరణాలకు ఒకసారి మానేశాం.

వేదిక మీద మైకులు ఉంటే ఒక సలహా. ఒకే మైకు దొరికితే అది గొంతుకే. పెట్టె దాని పక్కన వద్దు, మనిషి వెడల్పంత వెనక్కి జరపండి. చప్పట్లు కొట్టే నలుగురినీ గొంతు మైకుకు దగ్గరగా, పెద్దమ్మకు అటూ ఇటూ కూర్చోబెట్టండి. సౌండు పెట్టెల దగ్గరుండే కుర్రవాడికి ముందే చెప్పండి, గిటార్‌కు కింది శబ్దం పెంచవద్దని. అడగకుండానే పెంచుతారు.

ఈ కూర్పు కూర్చుని పాడే బృందానికీ, రికార్డుకూ, వేదికకూ పనికొస్తుంది. నలభై మంది ఆడవాళ్లు బతుకమ్మల చుట్టూ తిరిగే చోటుకు పనికిరాదు. అక్కడ అడుగులూ చప్పట్లూ ఉన్నాయి, ఒకరి గొంతు అలసిపోతే ఇంకొకరు అందుకుంటారు, ఇంకేదీ అవసరం లేదు. ఈ పద్ధతి నాలుగు లెక్క పాటకు అలాగే అతకదు. చప్పట్టుకూ చప్పట్టుకూ మధ్య నాలుగుంటే కెహర్వా పలచన చేసుకోవాలి, ఖాళీ ఎన్ని మాత్రలో మళ్లీ లెక్కపెట్టుకోవాలి. గాంధారం మీద గట్టిగా నిలబడే బాణీ అయితే పెట్టె ఆ మెట్టు ధైర్యంగా నొక్కవచ్చు. ప్రతి పాటకూ కాగితం కొత్తగా గీసుకోవాల్సిందే.

అయిదో సాయంత్రం చివరి రికార్డు వినిపించినప్పుడు పెద్దమ్మ కళ్లు మూసుకుని పదహారు చరణాలూ విన్నది. "ఇప్పుడు పాట ఇనొస్తున్నది. మీరు ఎనకనే ఉన్నరు," అంది. సద్దుల బతుకమ్మ నాడు మేం వాద్యాలు చెరువు కట్టకు తీసుకెళ్లలేదు.

ఈ ఏడాది పండుగ రోజుల్లో మీ వాడలోనూ వెళ్లి కూర్చోండి. పెట్టె, తబలా, గిటార్ అన్నీ ఇంట్లో పెట్టి, ఫోన్ ఒక్కటే తీసుకెళ్లండి. పాట ఎత్తే పెద్దమ్మను అడిగి, ఒక్క పాట చప్పట్లతో సహా రికార్డు చేసుకోండి. ఆ 'లో' ఏ మాత్ర మీద వాలుతుందో, ఆ తర్వాత ఎన్ని మాత్రలు ఖాళీగా ఉన్నాయో రాసుకున్నాకే వాద్యం చేతిలోకి తీసుకోండి.